ఏ భాషలో, ఏ వేళకు, ఏ టూల్ మీద

కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తు మెయిల్‌ని తెరిచే రిక్రూటర్ చేతిలో అప్పటికే ఒక లెక్క ఉంటుంది. తెలుగు, హిందీ చాట్‌లకు, మధ్యాహ్నం మూడు నుంచి అర్ధరాత్రి దాకా, వచ్చే నెల మొదటి సోమవారం మొదలయ్యే శిక్షణ బ్యాచ్‌లో ఇంకా నలుగురు తక్కువ. ఆ నలుగురి కోసం ఆ పూట వంద మెయిళ్లు చూడాలి. వాటిలో చాలావరకు ఒకే రకంగా ఉంటాయి. కష్టపడి పనిచేస్తాను, మంచి కమ్యూనికేషన్ స్కిల్స్ ఉన్నాయి, తెలుగు హిందీ ఇంగ్లీషు వచ్చు, ఏ షిఫ్టయినా పర్వాలేదు, కంప్యూటర్ పరిజ్ఞానం ఉంది, రెజ్యూమె జతచేశాను. ఇందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. కానీ ఆ నలుగురిలో ఈ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకోవడానికి ఇందులో ఏమీ దొరకదు.

ఈ రంగంలో పనిని క్యూలుగా విడగొడతారు. తెలుగు కాల్స్ ఒక క్యూ, హిందీ చాట్ ఒక క్యూ, ఇంగ్లీషు ఈమెయిల్ ఇంకో క్యూ. ఏ అరగంటలో ఏ క్యూకి ఎన్ని కాల్స్, ఎన్ని చాట్‌లు వస్తాయో అంచనా వేసి, దాన్ని బట్టి రోస్టర్ తయారుచేసే విభాగం వేరుగా ఉంటుంది. దాన్ని వర్క్‌ఫోర్స్ మేనేజ్‌మెంట్ అంటారు. కొత్తగా తీసుకునే మనిషి ఏ క్యూలో కూర్చుంటాడు, ఏ వేళల్లో కూర్చుంటాడు, నేర్పించడానికి ఎంత కాలం పడుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు కుదిరితేనే ఆ లెక్క పూర్తవుతుంది. దరఖాస్తులో భాషలు, షిఫ్టు, టూల్స్ గురించి అడిగేది ఇందుకే. ఆ మూడింటినీ పరీక్షించి చూడగలిగే రూపంలో రాయాలి. అలా ఎలా రాయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

నిజామాబాద్ దగ్గరి ఊరి నుంచి వచ్చి హైదరాబాద్ ఎల్.బి.నగర్‌లో హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. బీకాం కంప్యూటర్స్ చదివింది. 11 నెలలుగా ఒక పార్శిల్ సంస్థ బ్రాంచిలో కస్టమర్ డెస్క్ చూస్తోంది. దూరవిద్యలో ఎంబీఏ చేస్తోంది. ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే ఒక సంస్థ ప్రకటన చూసింది. తెలుగు, హిందీ వచ్చినవాళ్లు కావాలి, చాట్‌తో పాటు వాయిస్ కూడా ఉంటుంది, 24 గంటలూ నడిచే సెంటర్, షిఫ్టులు మారుతుంటాయి, వారానికి ఆరు రోజులు, జెన్‌డెస్క్ లేదా అలాంటి టూల్ తెలిసి ఉంటే ప్రాధాన్యం, ఆఫీసు మాదాపూర్.

ముందు భాష సంగతి. 'తెలుగు, హిందీ, ఇంగ్లీషు వచ్చు' అన్న వాక్యం ఆమె విషయంలో అక్షరాలా నిజమే. తెలుగు మాతృభాష. నిజామాబాద్‌లో పెరిగింది కాబట్టి హిందీ చిన్నప్పటి నుంచీ నోట్లో ఉంది, దక్కనీ కలిసిన హిందీ. బజారులో, బస్సులో, పార్శిల్ ఆఫీసు కౌంటర్లో ఎక్కడా తడుముకోదు. కానీ దేవనాగరి లిపి చదవడం నెమ్మది, రాయడం ఇంకా కష్టం. ఇంగ్లీషు రాస్తుంది, చదువుతుంది. ఫోన్లో విదేశీ కస్టమర్‌తో అరగంట మాట్లాడమంటే మాత్రం వెనకాడుతుంది. ఒకే వాక్యంలో ఇరికించిన ఈ మూడు భాషలూ నిజానికి మూడు వేర్వేరు స్థాయిల్లో ఉన్నాయి.

సపోర్ట్ పనికి పనికొచ్చే విభజన ఇలా ఉంటుంది. ఈ భాషలో కాల్ తీసుకోగలనా? ఈ భాషలో చాట్, మెయిల్ రాయగలనా? లేక ఎదుటివాళ్లు చెప్పింది అర్థం చేసుకుని ఇంకొకరికి అప్పగించగలిగేంత మాత్రమేనా? ప్రతి భాషకీ ఈ మూడింటిలో ఏది నిజమో అది రాస్తే చాలు. 'బాగా వచ్చు', 'మధ్యస్థం' లాంటి మాటలకు ఒక్కొక్కరి కొలత ఒక్కోలా ఉంటుంది. 'కాల్ తీసుకోగలను' అన్న మాటకు అందరి దగ్గరా ఒకటే కొలత.

తనకు తాను ఎలా తేల్చుకోవాలి? ఫోన్లో రికార్డర్ పెట్టుకుని, డబ్బు వెనక్కి రావడానికి ఐదు నుంచి ఏడు పనిదినాలు ఎందుకు పడుతుందో కోపంగా ఉన్న కస్టమర్‌కి హిందీలో రెండు నిమిషాలు వివరించి చూడాలి. బ్యాంకు వైపు ఆలస్యం, సెలవులు, వాపసు వచ్చిన వస్తువును పరిశీలించడం, ఇవన్నీ చెప్పాలి. తర్వాత విని చూసుకుంటే ఎక్కడ మాట ఆగిందో, ఎక్కడ తెలుగులోకి జారిపోయిందో తెలుస్తుంది. కబుర్లు చెప్పడానికి సరిపోయే హిందీ వేరు, కారణాన్ని ఓపికగా వివరించడానికి కావలసిన హిందీ వేరు. ఇంటర్వ్యూలో వాయిస్ రౌండ్ పెట్టేవాళ్లు కూడా సరిగ్గా ఇలాంటి సందర్భమే ఇచ్చి మాట్లాడించి చూస్తారు.

తెలుగు మాతృభాష కదా, దాని గురించి ఏం రాయాలి అనుకుంటారు చాలామంది. ఎక్కువ నష్టపోయేది అక్కడే. చాట్ ఉద్యోగానికి తెలుగు మాట్లాడడం సరిపోదు, టైపు చేయాలి. తెలుగు వేగంగా టైపు చేయగలిగిన వాళ్లు దొరకడం ఇంగ్లీషు టైపింగ్ వచ్చినవాళ్లు దొరకడం కన్నా కష్టం. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. డీటీపీ సెంటర్లలో పనిచేసిన వాళ్లకు అను ఫాంట్లతో టైపింగ్ చాలా వేగంగా వస్తుంది. కానీ అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఆ అక్షరాలను చాట్ టూల్‌లో అతికిస్తే కస్టమర్ ఫోన్లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. సపోర్ట్‌లో నడిచేది యూనికోడ్ తెలుగే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద టైపు చేస్తారా, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారే పద్ధతిలోనా అన్నది ఒక్క మాటలో చెప్తే చదివేవాళ్లకు సందేహం మిగలదు.

వచ్చే చాట్‌లు కూడా అన్నీ తెలుగు లిపిలో రావు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే కస్టమర్లు చాలా ఎక్కువ. వాళ్లలో ఒకరు 'వస్తదా' అని రాస్తే ఇంకొకరు 'వస్తాదా' అని, మరొకరు 'వచ్చిద్దా' అని రాస్తారు. నిజామాబాద్ అమ్మాయికి మొదటిది ఇంటి మాట, మిగతావి పార్శిల్ ఆఫీసులో రోజూ విన్న మాటలు. పార్శిల్ డెస్క్ దగ్గర శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఫోన్లు వస్తాయి. ఆ సంగతి ఆమె తన మొదటి మెయిల్లో రాయలేదు, రెజ్యూమెలో కూడా లేదు. రెండు రాష్ట్రాల కస్టమర్ల యాసలు రోజూ వింటూ పనిచేయడం ఈ ఉద్యోగానికి నేరుగా సరిపోయే అనుభవం. దానికి ఒక వాక్యం కేటాయించాల్సిందే.

ఇంకా మంచి మార్గం ఒకటుంది. దరఖాస్తు మెయిల్ సాధారణంగా ఇంగ్లీషులోనే పంపుతారు. తెలుగు చాట్ ఉద్యోగమైతే, ఆ మెయిల్లోనే ఒక కస్టమర్‌కి ఇచ్చే జవాబు నమూనాగా రెండు మూడు వాక్యాలు తెలుగు లిపిలో రాసి చూపించవచ్చు. మర్యాద, స్పష్టత, అక్షరదోషాలు లేకపోవడం, యూనికోడ్ టైపింగ్ అన్నీ ఆ మూడు వాక్యాల్లో కనబడతాయి. అంతకు మించి సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇక షిఫ్టు. నా దృష్టిలో మెయిల్ మొత్తంలో అతి ముఖ్యమైన వాక్యం ఇది. అందరూ తొందరగా దాటేసేదీ ఇదే. 'ఏ షిఫ్టయినా పర్వాలేదు' అని రాస్తే ఉద్యోగం వచ్చే అవకాశం పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. ఎప్పటినుంచో మనుషులను తీసుకుంటున్న వాళ్లకు ఆ వాక్యం వెనక ఏముంటుందో తెలుసు. మూడో వారంలో ఇంట్లో ఒప్పుకోవడం లేదనో, చివరి బస్సు దొరకడం లేదనో, పరీక్షలున్నాయనో ఫోను వస్తుంది. అప్పటికి ఆ మనిషి శిక్షణ ఖర్చు అయిపోయి ఉంటుంది. రోస్టర్లో ఆ కుర్చీ మళ్లీ ఖాళీ. అందుకే ఇష్టాయిష్టాలకన్నా గడియారం లెక్క, రవాణా లెక్క రాసినవాళ్ల మాట మీద గురి కుదురుతుంది.

గడియారం లెక్క విదేశీ ప్రాసెస్‌లకు ఇంకా అవసరం. అమెరికా తూర్పు తీరం ఆఫీసు వేళ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 అనుకుందాం. వేసవిలో మనకూ వాళ్లకూ తేడా తొమ్మిదిన్నర గంటలు, కాబట్టి మన దగ్గర షిఫ్టు సాయంత్రం 6:30కి మొదలై తెల్లవారుజామున 3:30కి ముగుస్తుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి తేడా పదిన్నర గంటలవుతుంది. అదే షిఫ్టు మనకు రాత్రి 7:30 నుంచి 4:30 దాకా నడుస్తుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు తిప్పుతారు. బ్రిటన్ వేళలూ ఇలాగే ఏడాదికి రెండుసార్లు మారతాయి. ఉదయం 9 నుంచి 6 దాకా పనిచేసే బ్రిటిష్ క్యూ మనకు వేసవిలో మధ్యాహ్నం 1:30 నుంచి రాత్రి 10:30, చలికాలంలో 2:30 నుంచి 11:30. 'రాత్రి పదకొండు లోపు ముగిసే షిఫ్టయితే చేయగలను' అని రాసిన మనిషికి జూలైలో సరిపోయిన బ్రిటిష్ షిఫ్టు నవంబరు వచ్చేసరికి సరిపోదు. ఈ లెక్క ముందే వేసుకుని రాయాలి.

ఇంకో చిన్న తిరకాసు వారాంతపు సెలవు. అమెరికా షిఫ్టులో శని, ఆదివారాలు సెలవంటే మన శనివారం మొత్తం సెలవని కాదు. శుక్రవారం రాత్రి ఎక్కిన షిఫ్టు మన శనివారం తెల్లవారుజామున దిగుతుంది. శనివారం ఉదయం తొమ్మిదికి కాంటాక్ట్ క్లాసు ఉన్నవాళ్లకు అది సెలవుగా లెక్కకు రాదు.

మన అమ్మాయి దరఖాస్తు దేశీయ ప్రాసెస్‌కి కాబట్టి ఈ గొడవ లేదు. ఆమె లెక్క వేరే. ఎల్.బి.నగర్ నుంచి మెట్రోలో అమీర్‌పేటలో మారి మాదాపూర్ చేరవచ్చు. కానీ మెట్రో రాత్రంతా నడవదు. ఉదయం ఏడున్నర తర్వాత మొదలై రాత్రి తొమ్మిదిన్నర లోపు ముగిసే షిఫ్టుకు తన ఏర్పాటు తనదే. అంతకంటే ముందు మొదలైనా, అంతకంటే ఆలస్యంగా ముగిసినా క్యాబ్ ఉండాలి. తెలంగాణలో మహిళలను రాత్రి షిఫ్టుల్లో పెట్టుకునే సంస్థలు రవాణా, భద్రత ఏర్పాట్లు చేయాలన్నది ప్రభుత్వం పెట్టిన షరతే కాబట్టి ఇది అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. క్యాబ్ ఎల్.బి.నగర్ దాకా వస్తుందా అన్నదే అడగాల్సింది. చాలా సంస్థలు ఆఫీసు నుంచి ఇన్ని కిలోమీటర్ల లోపు అని ఒక హద్దు పెట్టుకుంటాయి. ఆ హద్దు అవతల ఉన్నవాళ్లు షిఫ్టు ఒప్పుకున్నాక ఇబ్బంది పడతారు.

ఆదివారాలు పనిచేయడానికి ఆమెకు అభ్యంతరం లేదు. వారపు సెలవు ఏ రోజైనా సరే. ఇది చాలా విలువైన మాట, ఎందుకంటే ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకు సెలవు రోజుల్లోనే రద్దీ. ఒకటే ఇబ్బంది, ఎంబీఏ పరీక్షలు. శిక్షణ కాలంలోనూ, ఆ వెంటనే ట్రైనర్ల పర్యవేక్షణలో నిజమైన కస్టమర్లతో మాట్లాడించే నెస్టింగ్ కాలంలోనూ సెలవులు ఇవ్వడం అరుదు. పరీక్ష తేదీలు ముందే చెప్తే బ్యాచ్ మార్చి తీసుకునే వీలుంటుంది. చేరాక చెప్తే ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. ఆ తేదీలు రాస్తే ఉద్యోగం పోతుందేమోనని ఆమె భయపడటం సహజం. నిజానికి పరీక్షల తేదీ రాసిన మనిషి మిగతా రోజులన్నీ వస్తుందన్న నమ్మకం ఆ వాక్యంతోనే కలుగుతుంది.

మూడోది టూల్స్. ప్రకటనలో జెన్‌డెస్క్ అని ఉంది. ఆమె ఎప్పుడూ వాడలేదు. ఇలాంటప్పుడు చాలామంది రెజ్యూమెలో జెన్‌డెస్క్, ఫ్రెష్‌డెస్క్, సేల్స్‌ఫోర్స్ అని వరసగా రాసేస్తారు. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నతో ఆ వరస కూలిపోతుంది. జెన్‌డెస్క్‌లో టికెట్ పెండింగ్‌లో పెట్టడానికీ, ఆన్-హోల్డ్‌లో పెట్టడానికీ తేడా ఏమిటి? కస్టమర్ నుంచి సమాచారం రావాల్సి ఉంటే పెండింగ్. కొరియర్ సంస్థ, బ్యాంకు లాంటి మూడో పక్షం నుంచి జవాబు రావాల్సి ఉంటే ఆన్-హోల్డ్. సాల్వ్‌డ్ అయిన టికెట్‌కి కస్టమర్ మళ్లీ జవాబిస్తే అది తిరిగి తెరుచుకుంటుంది. క్లోజ్‌డ్ అయిపోయాక తెరుచుకోదు, పాత దానికి ముడిపడిన కొత్త టికెట్ పుడుతుంది. వారం రోజులు ఆ తెర ముందు కూర్చున్న ఎవరికైనా ఇది తెలుస్తుంది. పేరు మాత్రమే విన్నవాళ్లకు తెలియదు.

అలాగని వాడని టూల్ గురించి మౌనంగా ఉండాల్సిన పనీ లేదు. జెన్‌డెస్క్, 2010లో చెన్నైలో మొదలైన ఫ్రెష్‌డెస్క్, జోహో డెస్క్, ఈ మూడింటికీ కొద్ది రోజుల ఉచిత ట్రయల్ ఉంటుంది. ఒకదానిలో ఖాతా తెరిచి, తన సొంత మెయిల్ నుంచే ఫిర్యాదులు పంపుకుని, టికెట్ తీసుకుని, తరచూ వాడే జవాబును ఒక్క నొక్కుతో వచ్చేలా దాచిపెట్టుకుని, స్థితి మార్చి, మూసి చూడవచ్చు. ఆ పని రెండు సాయంత్రాల్లో అవుతుంది. తర్వాత మెయిల్లో 'జెన్‌డెస్క్ ఉద్యోగంలో వాడలేదు, ట్రయల్ ఖాతాలో టికెట్ తెరవడం నుంచి మూయడం దాకా చేసి నేర్చుకున్నాను' అని రాయొచ్చు. ఈ వాక్యంలో ఒక లోపాన్ని ఒప్పుకోవడం ఉంది, దాన్ని పూడ్చుకోవడానికి చేసిన పనీ ఉంది. దీన్ని ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నా పడగొట్టలేదు.

ఆమెకు నిజంగా తెలిసిన టూల్ ఒకటుంది, దాన్ని ఆమె టూల్ అనుకోలేదు. పార్శిల్ ఆఫీసులో ఫిర్యాదులన్నీ ఎక్సెల్ షీట్లో నమోదు చేస్తుంది. ఫిర్యాదు వచ్చిన తేదీ, పార్శిల్ నంబరు, ఏ బ్రాంచిలో ఆగింది, ఎవరికి చెప్పింది, ఎప్పుడు తేలింది. రోజూ సాయంత్రం తేలని వాటిని వడగట్టి మేనేజరుకు పంపుతుంది. సపోర్ట్ భాషలో చెప్పాలంటే ఆమె 11 నెలలుగా టికెట్ల వ్యవస్థ చేత్తో నడుపుతోంది. తొలి మెయిల్లో ఇదంతా 'ఎంఎస్ ఆఫీస్ పరిజ్ఞానం' అన్న మాటలో మాయమైపోయింది.

టూల్స్ పక్కన అంకెలు రాయాలనుకుంటే అవి ఎలా వచ్చాయో కూడా రాయాలి. కస్టమర్ సంతృప్తి 95 శాతం అని ఒక అభ్యర్థి రాస్తే, ఎన్ని రేటింగుల మీద అన్నది మొదటి ప్రశ్న. ఇరవై రేటింగుల మీద 95కీ, రెండు వేల మీద 95కీ పోలికే లేదు. సగటు హ్యాండిల్ టైమ్ అంటే మాట్లాడిన సమయమే కాదు, హోల్డ్‌లో పెట్టిన సమయం, కాల్ అయ్యాక నోట్స్ రాసుకున్న సమయం కూడా కలుస్తాయి. ఆ మూడూ కలిపి చెప్పకపోతే అనుభవం లేదని వెంటనే తెలిసిపోతుంది. టైపింగ్ వేగం కూడా అంతే. ఇంగ్లీషు టైపింగ్ పరీక్షల్లో ఐదు కీలు నొక్కితే ఒక పదం కింద లెక్క. వేగంతో పాటు తప్పుల శాతం రాయకపోతే ఆ అంకె సగమే.

ఒక హెచ్చరిక. పాత ఉద్యోగంలో చేసిన పనికి రుజువుగా టికెట్ల స్క్రీన్‌షాట్లు జతచేసేవాళ్లున్నారు. వాటిలో కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉంటాయి. కస్టమర్ల వివరాలు కాపాడటమే మొదటి నియమంగా ఉన్న ఉద్యోగానికి ఆ ఒక్క జోడింపు చాలు, మిగతా మెయిల్ ఎంత బాగున్నా పక్కన పెట్టేయడానికి. అలాగే దరఖాస్తు దశలో ఆధార్, పాన్ కాపీలు పంపాల్సిన అవసరం లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు, శిక్షణ డిపాజిట్ అని డబ్బు అడిగితే అక్కడితో ఆపేయాలి.

ఇవన్నీ పెట్టి తిరగరాసిన మెయిల్ ఇలా ఉంటుంది. ఇంగ్లీషులో పంపే మెయిలే అయినా ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. చివర ఉన్న నమూనా జవాబు మాత్రం అసలు మెయిల్లో కూడా తెలుగులోనే ఉంటుంది.

> విషయం: తెలుగు–హిందీ చాట్, వాయిస్ సపోర్ట్ – 11 నెలల అనుభవం – 15 రోజుల్లో చేరగలను
>
> నమస్కారం,
>
> మీ మాదాపూర్ ఆఫీసులో తెలుగు–హిందీ కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. 11 నెలలుగా ఒక పార్శిల్ సంస్థ బ్రాంచిలో కస్టమర్ డెస్క్ చూస్తున్నాను. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే ఫోన్లు తీసుకోవడం, ఆగిపోయిన పార్శిళ్ల ఆచూకీ తీసి కస్టమర్‌కి తిరిగి చెప్పడం నా పని.
>
> భాషలు: తెలుగులో కాల్స్, చాట్, మెయిల్ మూడూ చేయగలను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద యూనికోడ్ తెలుగు టైపు చేస్తాను. హిందీలో కాల్స్ తీసుకోగలను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసే హిందీ చాట్ చేయగలను, దేవనాగరి చదవడం మాత్రం నెమ్మది. ఇంగ్లీషులో చాట్, మెయిల్ రాయగలను.
>
> షిఫ్టు: వారంలో ఏ ఆరు రోజులైనా, ఆదివారాలతో సహా పనిచేయగలను. ఉదయం 7:30 నుంచి రాత్రి 9:30 మధ్య షిఫ్టులకు సొంతంగా వస్తాను. దానికి ముందు మొదలయ్యే, తర్వాత ముగిసే షిఫ్టులు కూడా ఎల్.బి.నగర్‌కు క్యాబ్ ఉంటే చేయగలను. డిసెంబరు రెండో వారంలో నాలుగు రోజులు దూరవిద్య పరీక్షలున్నాయి. ప్రస్తుత ఉద్యోగంలో నోటీసు కాలం 15 రోజులు.
>
> టూల్స్: ఫిర్యాదుల నమోదు, రోజువారీ పెండింగ్ జాబితా ఎక్సెల్‌లో నేనే నడుపుతున్నాను. ఫిల్టర్లు, వీలుకప్, పివట్ టేబుల్ వాడతాను. జెన్‌డెస్క్ ఉద్యోగంలో వాడలేదు. ట్రయల్ ఖాతాలో టికెట్ తెరవడం నుంచి మూయడం దాకా చేసి నేర్చుకున్నాను.
>
> నేను రాసే తెలుగు జవాబుకు ఒక నమూనా:
> నమస్తే అండి. మీరు పంపిన ఫొటో చూశాను. మీరు ఆర్డర్ చేసిన రంగు చీర రాలేదు, క్షమించండి. వేరే చీర పంపమంటారా, డబ్బు వెనక్కి ఇవ్వమంటారా? మీరు ఏది చెప్పినా ఈరోజే నమోదు చేసి, ఎప్పటికి అందుతుందో ఇక్కడే చెప్తాను.
>
> రెజ్యూమె జతచేశాను. పనిదినాల్లో మధ్యాహ్నం 1 నుంచి 2 మధ్య, సాయంత్రం 6 తర్వాత ఫోన్లో దొరుకుతాను.
>
> ఇట్లు,
> (పేరు, ఫోన్ నంబరు)

ఇందులో తనను తాను పొగుడుకునే విశేషణం ఒక్కటి కూడా లేదని గమనించండి. 'కష్టపడతాను', 'నమ్మకస్తురాలిని' అన్న మాటలు చెప్పాల్సింది దేవనాగరి నెమ్మది అన్న వాక్యమూ, పరీక్షల వారమూ చెప్పేశాయి. 'గౌరవనీయులైన సార్ లేదా మేడమ్ గారికి, తమ దివ్య సముఖమునకు' లాంటి మొదలు తీసేసింది కూడా అందుకే. ఫోన్ తెర మీద మెయిల్ తెరవగానే కనిపించే నాలుగైదు లైన్లలో ఉద్యోగం పేరు, అనుభవం, భాష కనబడాలి.

విషయం లైన్ గురించి ఒక్క మాట. ఫోన్లో అది మొత్తం కనిపించదు, మొదటి కొన్ని పదాలే కనిపిస్తాయి. అందుకే ముందు ఉద్యోగం, భాష ఉండాలి, 'దరఖాస్తు' అన్న మాట అక్కర్లేదు. ప్రకటనలో జాబ్ కోడ్ ఇచ్చి ఉంటే అన్నిటికన్నా ముందు అదే. రెజ్యూమె పీడీఎఫ్ రూపంలో పంపాలి, ఫైలు పేరులో మనిషి పేరు, ఉద్యోగం ఉండాలి. `resume final new (2).pdf` అని వచ్చే ఫైలును దించుకున్నాక మళ్లీ వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. పంపేముందు తన మరో మెయిల్ చిరునామాకు ఒకసారి పంపుకుని ఫోన్లో తెరిచి చూస్తే, జోడింపు మర్చిపోవడం, తెలుగు అక్షరాలు విడిపోవడం లాంటివి అక్కడే దొరుకుతాయి.

పంపాక ఏం జరిగిందో చూస్తే మెయిల్లో ఏ భాగం పనిచేయలేదో చాలావరకు తెలుస్తుంది. చాలా చోట్లకు పంపినా ఒక్క ఫోనూ రాకపోతే తేడా విషయం లైన్లోనో, మొదటి పేరాలోనో ఉంది. లేదా అడిగిన భాషకు, ఉన్న భాషకు పొంతన లేదు. ఫోన్లు వస్తున్నాయి కానీ 'మీకు తర్వాత చెప్తాం' దగ్గర ఆగిపోతుంటే ఆ ఫోన్లో ఏ ప్రశ్న తర్వాత గొంతు మారిందో గుర్తు చేసుకోవాలి. ఎక్కువసార్లు అది షిఫ్టు ప్రశ్నే అవుతుంది. మెయిల్లో రాసిన వేళలు, నోటితో చెప్పిన వేళలు వేరైతే అక్కడే ఆగిపోతుంది. వాయిస్ రౌండ్‌లోనో, టైపింగ్ పరీక్షలోనో ఆగిపోతుంటే భాష, టూల్స్ వాక్యాలు ఉన్నదానికంటే ఎక్కువ చెప్తున్నాయి. వాటిని ఒక మెట్టు దించి, కింది మెట్టు ఉద్యోగాలకు పంపడం మేలు. హిందీ కాల్స్‌లో రెండుసార్లు ఆగిపోయిన మనిషి తెలుగు చాట్ మాత్రమే ఉన్న క్యూకి వెళ్లి, అక్కడ ఉంటూ హిందీ మెరుగుపరుచుకోవచ్చు.

ఐదారు పనిదినాలు దాటినా జవాబు లేకపోతే ఒకసారి, అదే మెయిల్‌కి రిప్లై రూపంలో రెండు లైన్లు రాయవచ్చు. కొత్త మెయిల్‌గా పంపితే పాతదానితో కలవదు, చదివేవాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఈలోగా వివరాల్లో ఏదైనా మారితే, పరీక్షల తేదీ జరిగినా, హాస్టల్ మారి కూకట్‌పల్లికి వచ్చి రాత్రి షిఫ్టు సులువైనా, ఆ మార్పు ఈ రెండు లైన్లలోనే చెప్పాలి. రోస్టర్ ప్రతి వారం మారుతుంది. నెల కిందట కుదరని వేళ ఈ వారం ఖాళీ అయి ఉండవచ్చు.